చీటీ వెంట చీటీ: నిధి వేట రాస్తూ నేర్చుకున్నవి

పెండ్లిమర్రిలో మాది పాత మిద్దె. ముందు పంచ, నాపరాళ్ళు పరిచిన నట్టిల్లు, వెనక దొడ్డి. దొడ్డిలో ఒక చీనీచెట్టు, ఒక వేపచెట్టు, తులసికోట, బట్టల దండెం. తెలుగు పండితుడిగా పనిచేసి దిగినాక, మనవళ్ళ పుట్టినరోజులకు పొడుపు కథలతో నిధి వేట రాసిచ్చే పని నా నెత్తిన పడింది. కేకు కోసేదాకా పిల్లలను ఒకచోట ఆపడం మావల్ల కాదు, ఏదైనా చేయి మామా అని కోడలు అడిగితే ఒప్పుకున్నాను. ఒక చీటీలో పొడుపు, అది విప్పితే ఒక చోటు, ఆ చోట ఇంకో చీటీ, కొసన నిధి. వినడానికి ఇంతే. జీవితమంతా పద్యాలు చెప్పినవాణ్ణి, నాలుగు పొడుపులు రాయలేనా అనుకున్నాను. పద్యం చెప్పడం వేరు, పొడుపుతో పిల్లవాడి కాళ్ళను కదిలించడం వేరు. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే నాకు ఆలస్యంగా తెలిసినవి వాళ్ళకు ముందే తెలియాలని రాస్తున్నాను.

1. నిధిని ముందు దాచాలి, పొడుపు తర్వాత రాయాలి.

కథ రాసినట్టు మొదటి చీటీతో మొదలుపెట్టడం మన అలవాటు. నేనూ అట్లే చేసేవాణ్ణి. మంచి పొడుపు తట్టిన చోటల్లా ఒక మజిలీ పెట్టుకుంటూ పోతే, నిధి దగ్గరికి వచ్చేసరికి దాచదగ్గ చోట్లన్నీ ఖర్చయిపోయేవి. పిల్లలు అప్పటికే పలుమార్లు దాటిపోయిన మూలే మిగిలేది. ఆ దారిన పోతూ పోతూ ఎవడో ఒకడు నిధిని చూసేస్తాడు, మిగతా చీటీలు చిత్తుకాగితాలైపోతాయి.

అందుకే ఇప్పుడు మొదట నిధి చోటు తేలుస్తాను. అది పెద్దదిగా ఉండాలి, మూత ఉండాలి, వేట దారికి పక్కగా ఉండాలి. మా ఇంట్లో దానికి సరిపోయింది పంచలో మూలనున్న నా పాత స్కూటరు. డిక్కీకి తాళముంది, తాళంచెవి నా జేబులో ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి నడుస్తాను. స్కూటరుకు ముందు దండెం, దానికి ముందు చీనీచెట్టు, దానికి ముందు తులసికోట, ఆ ముందు వంటింట్లో ఫ్రిజ్, వెనక వసారాలో రోలు, వీధి గడప. మొత్తం ఆరు చోట్లు, ఏడోది నిధి. ఒక్కో చోటికి నాలుగైదు నిమిషాలు పట్టినా అరగంట గడుస్తుంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు అంతకు మించితే కాళ్ళకంటే ముందు మనసు అలసిపోతుంది.

ఇక్కడొక చిక్కుంది. రోలు దగ్గర పెట్టే చీటీలో రోలు పొడుపు ఉండకూడదు, ఫ్రిజ్ పొడుపు ఉండాలి. రాసేటప్పుడు ఇది చాలా తేలిగ్గా తలకిందులవుతుంది. రోలు గురించి రాసిన చీటీని చేతులు వాటంతటవే తీసుకెళ్ళి రోలు దగ్గరే పెడతాయి. ఒక్క చీటీ అట్లా పడితే గొలుసు అక్కడే తెగుతుంది. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసుకోండి: చీటీ ఎక్కడ ఉంటుంది, అందులో ఏ పొడుపు ఉంటుంది, అది ఎక్కడికి పంపుతుంది. ఒక వరుసలోని మూడో గడి, కింది వరుసలోని మొదటి గడి ఒకటే కావాలి. కాకపోతే అక్కడే తప్పుంది. చీటీ వెనక చిన్నగా అది ఉండాల్సిన చోటు పెన్సిలుతో రాసుకుని, పెట్టిన వెంటనే చెరిపేస్తే ఇంకా మేలు.

2. పొడుపు కథ వస్తువును అడుగుతుంది, వేట చోటును అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ కాలం నాకు అర్థం కానిది ఇదే. అరుగు మీద కూర్చుని వేసుకునే పొడుపుకు జవాబు ఒక వస్తువు. కొబ్బరికాయ అంటే చాలు, ఏ కొబ్బరికాయ అని ఎవరూ అడగరు. వేటలో జవాబు దొరికిన మరుక్షణం పిల్లవాడు పరిగెత్తాలి. ఎక్కడికి? ఆ ముక్క పొడుపులో లేకపోతే, ఎంత చక్కటి పొడుపైనా వేటకు పనికిరాదు.

చీనీచెట్టుకు నేను మొదట రాసింది ఇది:

పచ్చ చొక్కా విప్పితే తెల్ల బనీను,
తెల్ల బనీను విప్పితే పదిమంది అన్నదమ్ములు.

పిల్లలు క్షణంలో విప్పేశారు. చీనీ తోటల సీమలో పుట్టినవాళ్ళకు అదేం కష్టం? కానీ అందరూ వంటింట్లోకి పరిగెత్తారు. అక్కడ గంప నిండా పులివెందుల నుంచి వచ్చిన చీనీకాయలున్నాయి. గంప బోర్లించి, కాయలు దొర్లించి, చీటీ లేదని నా వైపు చూశారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను కాయను అడిగాను, వాళ్ళు కాయ దగ్గరికే పోయారు.

దానికి ఇంకో రెండు గీతలు చేర్చాను:

బిడ్డలు గంపనెక్కి లోపలికొచ్చారు,
ముళ్ళచీర కట్టిన తల్లి ఎండలోనే నిలబడింది, ఆమెనడుగు.

ఇప్పుడు గంప ఉన్నా చిక్కులేదు, పొడుపే గంపను పక్కకు తోస్తోంది. ముళ్ళు అనగానే చెట్టు, ఎండ అనగానే దొడ్డి. మొదటి రెండు గీతలు ఏమిటో చెబుతాయి, తర్వాతి రెండు ఎక్కడో చెబుతాయి. అప్పటి నుంచి ప్రతి పొడుపునూ ఈ రెండు భాగాలుగానే రాస్తున్నాను. ఏమిటి అన్న భాగంలో ఎంతైనా దాచొచ్చు. ఎక్కడ అన్న భాగంలో దాపరికం తగ్గాలి. పాత పొడుపు కథలను వాడుకోవాలనుకునేవాళ్ళు కూడా వాటికి ఎక్కడ అనే తోక తగిలిస్తే సరిపోతుంది. మీ అవ్వ చెప్పిన పొడుపు దండగ కాదు, వేటకు చాలదు, అంతే.

3. రెండో జవాబును పిల్లలకంటే ముందు మనమే వెతుక్కోవాలి.

పొడుపులను దండి కావ్యాదర్శంలో ప్రహేళికలని పిలిచి పదహారు రకాలు చెప్పాడు. పూర్వాచార్యులు దుష్ట ప్రహేళికలు కూడా పద్నాలుగున్నాయన్నారట. దోషాలకు లెక్కేముంది అనుకుని దండి మంచివాటిని మాత్రమే వివరించి ఊరుకున్నాడు. నిధి వేటలో ఆ దుష్టమైనవాటిలో ముఖ్యమైనది ఒకటే: విన్నవాడికి రెండు చోట్లు తట్టడం.

గడప పొడుపునే చూడండి. లోపలివాళ్ళకు బయట, బయటివాళ్ళకు లోపల అని రాస్తే అందంగానే ఉంటుంది. కానీ మా ఇంట్లో నాలుగు గడపలున్నాయి, మిద్దె మెట్ల దగ్గర కూడా ఒకటి ఉంది. పిల్లలు నాలుగూ తిరుగుతారు, దొరికే వరకు తిరగడం వెతుకులాట అవుతుంది గాని విప్పడం కాదు. దాంతో ఇట్లా మార్చాను:

లోపలివాళ్ళకు బయట, బయటివాళ్ళకు లోపల;
పండగ పండగకూ పసుపు పూసుకుంటుంది,
తొక్కితే అవ్వ కోప్పడుతుంది.

మా ఇంట్లో పసుపు పూసేది వీధి గడప ఒక్కదానికే. తొక్కొద్దని అవ్వ అరిచేదీ దాని మీదే. మూడు గీతలతో మూడు గడపలు తప్పుకున్నాయి.

రాసినవాడికి రెండో జవాబు కనపడదు, జవాబు ముందే తెలుసు కనుక. అందుకే పొడుపులు తెలియని మనిషిని ఒకరిని పిలిచి, ఒక్కో చీటీ చదివి, నడువు అనాలి. నోటితో చెప్పనివ్వకూడదు, నడవనివ్వాలి. ఎటు అడుగు పడుతుందో చూడాలి. ఆ అడుగు తడబడితే పొడుపు మార్చాలి. మా పక్కింటాయన ఈ పనికి చాలా గట్టి మనిషి, ప్రతి పొడుపుకూ వేపచెట్టు దగ్గరికే పోయేవాడు.

కొన్ని రెండో జవాబులకు భయపడక్కర్లేదు. తులసికోటకు నేను రాసింది:

కోట ఉంది, కాపలా లేదు; రాణి ఉంది, రాజు లేడు;
పొద్దున నీళ్ళు, సందెకు దీపం.

జమ్మలమడుగు నుంచి వచ్చిన పిల్లవాడు మొదటి మాటకే గండికోట అని అరిచాడు. మిగతావాళ్ళు నవ్వారు, వాడూ నవ్వాడు, పొడుపు ఇంకోసారి చదువుకున్నారు. ఇంటి ఆవరణలో లేని జవాబుతో దారి తప్పదు. ఆవరణలోపల రెండోది ఉంటేనే ప్రమాదం.

4. చూడనిదాన్ని ఎవరూ విప్పలేరు.

పాత ఇంట్లో ఉండేవాళ్ళకు ఈ పొరపాటు సహజంగా వస్తుంది. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి మీద మంచి పొడుపు కట్టాను. పగలు సూర్యుడు ఇంట్లోకి దిగే నిచ్చెన అన్నాను. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో గవాచి లేదు, ఆ మాట కూడా వాళ్ళు వినలేదు. నేను వివరించబోతే వేట పాఠంగా మారింది.

రోలు కూడా అట్లాంటిదే. అయితే దానికి నేను వేరే ఉపాయం చేశాను. పుట్టినరోజుకు ముందురోజు పిల్లలందరి ముందు అవ్వ రోట్లో చెనక్కాయల చట్నీ నూరింది, పిల్లలు తలా ఒకసారి పొత్రం తిప్పి చూశారు. మరునాటి పొడుపు:

నోరు తెరుచుకుని కూర్చుంటుంది, మెతుకు మింగదు;
నిన్న నువ్వే పొత్రం పట్టి దానితో ఆడావు.

చూసిన మరునాడు అడిగితే పాతకాలపు వస్తువైనా ఆరేళ్ళ పిల్ల విప్పగలదు. అట్లా చూపించే తీరిక లేనప్పుడు వాళ్ళకు తెలిసినవే అడగండి. ఫ్రిజ్ మీద పొడుపు రాయడం నామోషీ కాదు:

తలుపు తీస్తే దీపం, మూస్తే చీకటి;
మన ఎండాకాలంలోనూ దీనికి మాఘమాసమే.

5. చదవగలిగినవాడే గెలిచే వేట పుట్టినరోజుకు పనికిరాదు.

పిల్లల్లో పెద్దవాడు పదకొండేళ్ళవాడైతే చిన్నది ఆరేళ్ళది. వదిలేస్తే పెద్దవాడే చదువుతాడు, పెద్దవాడే విప్పుతాడు, పెద్దవాడే పరిగెత్తుతాడు. మిగతావాళ్ళు వాడి వెనక ఊరేగింపు. ఇంకో సంగతి, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చినంత సులువుగా తెలుగు అక్షరం రాదు. తప్పుపట్టి లాభం లేదు, ఆ రోజు పుట్టినరోజు.

చీటీ చదవడానికి ఒక పెద్దమనిషిని జట్టుకొకరిని పెట్టాను. పొడుపు చెవినపడి విప్పాల్సిందే కనుక దానివల్ల నష్టమేమీ లేదు, నిజానికి బిగ్గరగా చదివితేనే దాని లయ తెలుస్తుంది. చీటీ తీసినవాళ్ళు తర్వాతి చోట చీటీ తీయకూడదని కట్టడి చేశాను. ఇద్దరు పెద్దపిల్లల మధ్య ఒక చిన్నపిల్ల వచ్చేట్టు వరుస నేనే వేశాను. ఒక చోట పొడుపు బదులు బొమ్మ పెట్టాను. దండెం ఫోటో తీసి, అచ్చువేయించి, నాలుగు ముక్కలు చేసి కవరులో వేశాను. అక్షరాలు రాని చిన్నది పెద్దవాళ్ళకంటే ముందు దాన్ని కూర్చింది. నాలుగు ముక్కలు చాలు. ఎనిమిది చేస్తే అక్కడే కూర్చుండిపోతారు.

6. రెండు జట్లను ఒకే దారిలో తోలకూడదు.

పదిమంది దాటితే రెండు జట్లు తప్పవు. ఒకే దారిలో పంపితే వెనకబడిన జట్టు పొడుపు విప్పడం మానేసి, ముందున్నవాళ్ళు ఎటు పోతున్నారో చూసి వెనకే పోతుంది.

ఆరు చోట్లను ఒక వలయంలా అనుకోండి: 1 గడప, 2 రోలు, 3 ఫ్రిజ్, 4 తులసికోట, 5 చీనీచెట్టు, 6 దండెం. ఎర్ర జట్టు 1తో మొదలుపెట్టి 6 దాకా పోతుంది. పచ్చ జట్టు 4తో మొదలుపెట్టి 5, 6 చూసుకుని, అక్కడి నుంచి 1, 2, 3కు వస్తుంది. ఎప్పుడూ వలయంలో ఎదురెదురుగా ఉంటారు కనుక ఒకరి వెనక ఒకరు పడరు. ప్రతి చోటా ఎర్ర చీటీ ఒకటి, పచ్చ చీటీ ఒకటి పెట్టాలి. పక్క జట్టు రంగు ముట్టుకోకూడదని ముందే మాట తీసుకోవాలి.

నాలుగు చోట్ల రెండు రంగుల్లోనూ ఒకే పొడుపు ఉంటుంది. 3, 6 దగ్గర మాత్రం వేరు. ఫ్రిజ్‌లో ఎర్ర చీటీ తులసికోటకు పంపాలి, పచ్చ చీటీ నిధికి పంపాలి. దండెం దగ్గర ఎర్రది నిధికి, పచ్చది గడపకు. మీరు తప్పు చేస్తే ఈ రెండు చోట్లే చేస్తారు. అందుకే ఈ నాలుగు చీటీలనూ అన్నిటికంటే ముందు రాసి, పక్కన పెట్టి, ఇంకొకరి చేత చదివించండి.

7. వేట రోజు ఇల్లు, ముందురోజు ఇల్లు ఒకటి కావు.

రాత్రి అందరూ పడుకున్నాక చీటీలు పెట్టడం హాయిగా ఉంటుంది. తెల్లవారితే గడప కడుగుతారు. వంటమనిషి రోలు పక్కకు జరుపుతుంది. కేకు కోసం ఫ్రిజ్ అరలు ఖాళీ చేస్తారు. దండెం మీది బట్టలతోపాటు చీటీ కూడా లోపలికి పోతుంది. చుట్టాల మోటరు సైకిళ్ళు పంచ ముందు వరుసకట్టి, స్కూటరు పొడుపుకు పది జవాబులు పుట్టిస్తాయి. ఈ చివరిదాన్ని దృష్టిలో పెట్టుకునే నిధి పొడుపులో ఒక గీత ఎక్కువ రాశాను:

రెండు కాళ్ళున్నా మూడో కాలు దించితేగాని నిలబడదు;
తాతను బడికి మోసింది, ఇప్పుడు అడుగు కదలదు.

కదలనిది అనగానే బయటి బండ్లన్నీ తప్పుకున్నాయి. చీటీలు వేటకు అరగంట ముందు పెట్టండి, పెట్టిన చోట్లు ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. దొడ్డిలోవి చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి దారంతో కట్టాలి, లేకుంటే గాలి వాటికి వేరే వేట పెడుతుంది.

ఎండాకాలం పుట్టినరోజైతే మా జిల్లాలో సాయంత్రం అయిదుకు ముందు పిల్లలను దొడ్డిలోకి దించకూడదు. పొద్దు గుంకేలోపు ముగించాలి. చీకట్లో వేట వద్దు.

ఇంకొకటి కచ్చితంగా పాటించాలి. చేయి దూర్చి వెతకాల్సిన చోట చీటీ పెట్టొద్దు. మా ఇళ్ళ వెనక మిగిలిన నాపరాళ్ళ దొంతర ఉంటుంది, దాని కింద తేళ్ళుంటాయి. పుట్టలు, కట్టెల మోపులు, సంపు మూత, మోటరు స్విచ్చు, పిట్టగోడ లేని మిద్దె, వీటి దగ్గరికి దారి పోకూడదు. చీటీ ఆరేళ్ళ బిడ్డ కంటి ఎత్తులో, చోటు తెలిసినవాళ్ళకు వెంటనే కనపడేట్టు ఉండాలి. దాచాల్సింది పొడుపులో, చీటీని కాదు.

నేల తవ్వకూడదని మొదటే చెప్పండి. మా వైపు గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్ళు తవ్వి పోలీసులకు దొరికినవాళ్ళ కథలు పిల్లలు కూడా వింటుంటారు, నిధి అనగానే పార కోసం చూస్తారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని చెప్పాను. డిక్కీలో దొరికినదానికి ఆ చట్టం వర్తించదా అని మా పెద్ద మనవడు అడిగాడు. వాడు వకీలవుతాడేమో.

8. ఆగిపోయినవాళ్ళకు ఇంకో గీత ఇవ్వాలి, జవాబు ఇవ్వకూడదు.

మూడు నిమిషాలు దాటినా కదలకపోతే సాయం చేయాలి. అప్పటికప్పుడు ఆలోచిస్తే నోట్లోంచి జవాబే వస్తుంది. ప్రతి పొడుపుకూ రెండు అదనపు గీతలు ముందే రాసి జేబులో పెట్టుకుంటాను. మొదటిది కొంచెం దగ్గరికి తెస్తుంది, రెండోది దాదాపు చెప్పేస్తుంది. తులసికోటకు మొదటిది, రాణి ఆకు దగ్గుకు మందు. రెండోది, అవ్వ రోజూ దాని చుట్టూ తిరుగుతుంది. అన్ని చీటీలకూ ఒక్కో నకలు కూడా ఆ జేబులోనే ఉంటుంది.

9. నిధి ఒక్కడి చేతిలో ఇమిడేది కాకూడదు.

ఒకసారి మంచి బొమ్మకారు కొని పెట్టాను. ముందు చేరినవాడు పట్టుకున్నాడు, మిగతావాళ్ళు ఏడ్చారు, పుట్టినరోజు బిడ్డ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. అరగంట కలిసి నడిచినవాళ్ళను ఆ చివరి నిమిషంలో నేనే విడదీశాను. ఇప్పుడు డిక్కీలో పిల్లకొక గుడ్డసంచి ఉంటుంది. సంచిలో చెనక్కాయ ఉండలు, ఒక పెన్సిలు, పేరు రాసిన ఒక కొత్త పొడుపు. ఏ జట్టు ముందు వచ్చినా రెండోది వచ్చేదాకా తాళం తీయను. ఆ లోపు మొదటి జట్టు స్కూటరు చుట్టూ నిలబడి రెండో జట్టును కేకేసి పిలుస్తుంది.

పైన రాసిన పొడుపులు మా ఇంటివి. మీ ఇంట్లో చీనీచెట్టు ఉండకపోవచ్చు, స్కూటరు నడుస్తుండొచ్చు. వీటిని ఎత్తుకోకండి. కాగితం పట్టుకుని మీ ఇల్లూ దొడ్డీ ఒకసారి తిరిగి, ఒక్కటే ఉన్నవి ఏమేమిటో రాసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టండి.